కొసరు లెక్క: చిన్న దుకాణంలో పాయింట్ల పథకం

తెలుగునాట కొసరు అనే మాట తెలియని గృహిణి ఉండదు. తూకం పూర్తయిన పిమ్మట దుకాణదారు గుప్పెడు పప్పో, నాలుగు మిరపకాయలో, ఒక కరివేపాకు రెబ్బో అదనంగా సంచిలో వేస్తాడు. అది ధరలో లేదు, తూకంలో లేదు. మరల ఈ దుకాణానికే రావాలనే మాటను నోటితో చెప్పకుండా చేతితో చెప్పే పద్ధతి అది. నేడు పెద్ద అంగళ్లలో పాయింట్లు, రిఫరల్ కోడ్‌లు, పదవ కొనుగోలు ఉచితం అనే పేర్లతో జరుగుతున్నది ఈ కొసరే. తేడా ఒక్కటే. పాత కొసరు ఇచ్చిన క్షణానే తీరిపోయేది. కొత్త కొసరు వాగ్దానంగా మారి, పుస్తకంలో అప్పుగా నిలుస్తున్నది. ఈ చిన్న తేడాను గ్రహించక నష్టపోయే దుకాణాలు ఉన్నాయి గనుక, వాణిజ్యశాస్త్రం చదివే మా విద్యార్థుల కొరకు, ముఖ్యంగా ఇంటివద్ద కిరాణా వ్యాపారం ఉన్నవారి కొరకు, ఈ లెక్కను కొంత వివరంగా చెప్పదలచినాము.

ఉదాహరణకు శంషాబాదును తీసుకొందాము. 2008 మార్చిలో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం ఇక్కడ ప్రారంభమైన నాటినుండి ఈ ఊరి బజారుకు రెండు రకాల కొనుగోలుదారులు ఏర్పడినారు. ఒకరు స్థిరనివాసులు, పాత ఊరివారు, అద్దె గదులలో ఉంటూ వంతుల వారీగా విమానాశ్రయంలో పనిచేసే యువకులు, సరుకుల గోదాములలోనూ హోటళ్లలోనూ పనిచేసేవారు. రెండవవారు బాటసారులు, బెంగళూరు వైపు పోయే జాతీయ రహదారి మీద కారు ఆపి, విదేశాలలో ఉన్న కుమారునికి సకినాలు, అరిసెలు, పచ్చడి కొనుక్కొని విమానం ఎక్కేవారు. మొదటివారు నెలకు నాలుగైదు పర్యాయాలు వస్తారు. రెండవవారు ఏడాదికి ఒకసారి వస్తే గొప్ప. ఒకే పథకాన్ని ఈ ఇద్దరి ముందూ పెట్టడం వ్యర్థం. బాటసారికి పాయింట్ల కార్డు ఇచ్చినట్లయితే అది విమానంలోని చెత్తబుట్ట వరకు మాత్రమే ప్రయాణిస్తుంది. కాబట్టి ఇక చెప్పబోయే పాయింట్ల లెక్క అంతా మొదటి తరగతి వారి గురించే. బాటసారుల మాట రిఫరల్ కోడ్ వద్ద మరల వస్తుంది.

ఒక దుకాణాన్ని ఊహించుకొందాము. అందులో సగం భాగం కిరాణా: బియ్యం, నూనె, చక్కెర, కంపెనీ ప్యాకెట్లు. మిగిలిన సగం అక్కడే వండి అమ్మే చిరుతిండ్లు: మురుకులు, గవ్వలు, సకినాలు, బూందీ, మిక్చర్. కిరాణా భాగంలో నూరు రూపాయల అమ్మకానికి సగటున పది రూపాయలు మిగులుతాయని, చిరుతిండ్ల భాగంలో ముప్పది రూపాయలు మిగులుతాయని అనుకొందాము. ఇది దుకాణపు అద్దె, కరెంటు, పనివాని జీతం తీయకముందు మిగులు. దుకాణదారు పెద్ద అంగడిని చూసి, నూరు రూపాయలకు మూడు పాయింట్లు, పాయింటుకు ఒక రూపాయి అని ప్రకటించినాడు. మూడు రూపాయలే కదా అని అతనికి తోచింది.

ఇచ్చట పొరపాటు ఆ మూడింటిని నూటితో పోల్చడంలో ఉన్నది. దానిని పోల్చవలసినది అమ్మకంతో కాదు, మిగులుతో. కిరాణాలో లక్ష రూపాయల అమ్మకం మీద పదివేలు మిగిలేది. మూడువేలు పాయింట్లకు పోగా ఏడువేలు మిగిలింది. మునుపటి పదివేలు తిరిగి రావాలంటే అమ్మకం ఎంత పెరగాలి? నూటికి ఏడు రూపాయల చొప్పున పదివేలు మిగలడానికి సుమారు 1,43,000 రూపాయల సరుకు అమ్మాలి. అనగా నూటికి నలుబది మూడు వంతుల పెరుగుదల. ఒక కుటుంబం తినే బియ్యం, పోపులో వేసే నూనె పాయింట్ల కొరకు అంతగా పెరగవు. ఇదే మూడు రూపాయలను చిరుతిండ్ల మీద మాత్రమే ఇచ్చినట్లయితే లెక్క మారుతుంది. లక్షకు ముప్పదివేలు మిగిలేచోట ఇరువది ఏడువేలు మిగులుతుంది. లోటు పూడడానికి అమ్మకం సుమారు 1,11,000 కు చేరితే చాలు. నూటికి పదకొండు వంతుల పెరుగుదల సాధ్యమైన విషయం. సాయంత్రం చాయ్‌తోపాటు మరొక పావుకిలో మురుకులు కొనడానికి మనిషికి పెద్ద కారణం అక్కరలేదు.

ఈ లెక్కలో పాయింట్లన్నీ తిరిగి వస్తాయని, వాటి పూర్తి ముఖవిలువ మేరకు నష్టం కలుగుతుందని అనుకొన్నాము. వాస్తవంలో కొన్ని పాయింట్లు ఎన్నడూ తిరిగి రావు. తిరిగి వచ్చిన వాటికి కూడా దుకాణదారు ఇచ్చేది సరుకే కనుక, నూరు పాయింట్లకు అతని ఖర్చు నూరు కాక డెబ్బది కావచ్చును. అయితే ఆ మనిషి పాయింట్లు లేకపోయినా అదే సరుకును డబ్బిచ్చి కొనేవాడైతే నష్టం నూరే. ఏది నిజమో ముందుగా తెలియదు; కాబట్టి పూర్తి విలువతో లెక్క కట్టుకొనడం క్షేమం. ప్యాకెట్ల మీద ధర పెంచి ఈ ఖర్చును రాబట్టుకొనే దారి కూడా లేదు. గరిష్ఠ చిల్లర ధర ప్యాకెట్టు మీదనే ముద్రించి ఉంటుంది. అంతకు మించి అమ్మడం నేరం.

ఈ కారణం చేతనే, చౌకధరనే ఆకర్షణగా పెట్టుకొన్న డీమార్ట్ వంటి పెద్ద సంస్థ పాయింట్ల జోలికి పోలేదు. పలుచని మిగులులో పాయింట్లకు చోటు లేదని పెద్ద వర్తకుడే తేల్చుకొన్నప్పుడు, వీధి దుకాణదారు చక్కెర మీదా నూనె మీదా పాయింట్లు పంచడం సాహసమే అవుతుంది.

ఇక అప్పు మాట. మన బజారులో ఉద్దెర అనేది పాత ఆచారం. దుకాణదారు సరుకు ఇచ్చి ఖాతాలో వ్రాసుకొంటాడు; జీతం వచ్చిన నాడు వాడుకరి తీరుస్తాడు. అక్కడ వాడుకరి బాకీదారు. పాయింట్లు ఉద్దెరకు తలక్రిందులైన రూపం. ఇక్కడ దుకాణదారే బాకీదారు, మూడువందలమంది వాడుకరులు అతనికి అప్పిచ్చినవారు. ఉద్దెర పుస్తకాన్ని కంటికి రెప్పవలె కాపాడుకొనే వ్యాపారి తాను పడిన ఈ బాకీని మాత్రం ఎక్కడా వ్రాసుకొనడు. అది కంప్యూటరులో ఎక్కడో ఉన్నదని వదలివేస్తాడు.

మన దుకాణంలో చిరుతిండ్ల అమ్మకం నెలకు లక్షన్నర అనుకొందాము. నూటికి మూడు చొప్పున నెలకు 4,500 పాయింట్లు పుడతాయి. అందులో 2,500 ఆ నెలలోనే వాడుకొంటారు, 2,000 నిలువ ఉంటాయి. పది నెలలకు నిలువ 20,000 అవుతుంది. సంక్రాంతి వారంలో సకినాలకు, అరిసెలకు జనం వచ్చినప్పుడు, లేదా రంజాన్ చివరి దినాలలో, అందరికీ ఒక్కసారిగా తమ పాయింట్లు గుర్తుకు వస్తాయి. పండుగకు ముందే నూనె, బియ్యపు పిండి, నువ్వులు, బెల్లం కొనడానికి దుకాణదారు చేతినుండి రొక్కం పోయి ఉంటుంది. అమ్మకం బాగా జరిగినట్లు కనబడుతుంది గాని, గల్లాపెట్టెలో ఇరువదివేలు తక్కువ పడుతుంది. దుకాణం నష్టంలో లేకపోయినా టోకు వర్తకునికి చెల్లింపు ఆగిపోయేది ఇటువంటి వారంలోనే.

దీనికి మందు కష్టమైనది కాదు. నెలాఖరున ఒక కాగితం మీద మూడు అంకెలు వ్రాయాలి: ఈ నెల పుట్టిన పాయింట్లు, తీరినవి, మొత్తం నిలువ. నిలువ పెరిగిన మేరకు రొక్కాన్ని ప్రక్కన పెట్టాలి. పాయింట్లకు ఆరు నెలల గడువు పెట్టవచ్చును. అయితే ఆ సంగతిని కార్డు మీద తెలుగులోనూ ఉర్దూలోనూ స్పష్టంగా ముద్రించి, గడువుకు పక్షం రోజుల ముందు బిల్లు మీదనే గుర్తు చేయాలి. చెప్పకుండా రద్దు చేసిన యాభై పాయింట్లు ఆ కుటుంబాన్ని ప్రక్క దుకాణానికి పంపడానికి చాలు. ఒక బిల్లులో సగానికి మించి పాయింట్లతో చెల్లించరాదనే నియమం కూడా పండుగ వారంలో రక్షణగా నిలుస్తుంది.

పాయింట్లను సరుకు రూపంలో ఉచితంగా ఇవ్వడం కంటె బిల్లులో తగ్గింపుగా చూపడం మేలు. 2017 నాటి కేంద్ర వస్తు సేవల పన్ను చట్టంలోని 15వ సెక్షను ప్రకారం, అమ్మకపు వేళనే బిల్లులో చూపిన తగ్గింపు పన్ను విలువలో చేరదు. ఉచిత బహుమతిగా ఇచ్చిన సరుకు విషయంలో, దానిని కొన్నప్పుడు కట్టిన పన్నుకు తీసుకొన్న మినహాయింపును వెనుకకు ఇచ్చుకోవలసి వస్తుంది.

పదవ కొనుగోలు ఉచితం అనే కార్డు పాయింట్లకంటె సులభం. ఒక రబ్బరు ముద్ర చాలు. దీని మీద పరిశోధనలు కూడా జరిగినాయి. 2006లో న్యూన్స్, డ్రేజ్ అనే ఇద్దరు అమెరికా ఆచార్యులు ప్రకటించిన ప్రయోగం ఒకటి ప్రసిద్ధం. కార్లు కడిగే ఒకచోట కొందరికి ఎనిమిది గళ్ల కార్డు ఇచ్చినారు. మరికొందరికి పది గళ్ల కార్డు ఇచ్చి, అందులో రెండు గళ్లకు ముందే ముద్ర వేసినారు. ఇద్దరూ కొనవలసినది ఎనిమిది పర్యాయాలే. మొదటివారిలో నూటికి పందొమ్మిదిమంది కార్డు పూర్తి చేయగా, రెండవవారిలో ముప్పది నలుగురు పూర్తి చేసినారు. ప్రయాణం మొదలైనదనే భావనకు అంత బలం ఉన్నది. కొత్తగా కార్డు తీసుకొనే కుర్రవానికి మొదటి రెండు ముద్రలు దుకాణదారే వేసి ఇవ్వడంలో అతనికి పైసా ఖర్చు లేదు.

అయితే ముద్రను దేనికి వేస్తున్నామనేది చూసుకోవాలి. ప్రతి రాకకు ఒక ముద్ర అన్నట్లయితే జనం బిల్లును ముక్కలు చేస్తారు. మునుపు పది రోజులకు ఒకసారి వచ్చి నాలుగువందల సరుకు కొనే మనిషి, ఇప్పుడు ఎనిమిది రోజులకు ఒకసారి వచ్చి మూడువందల సరుకు కొంటాడు. నలుబది రోజుల లెక్క వేసి చూడండి. మునుపు నాలుగు రాకలు, 1,600 రూపాయలు. ఇప్పుడు ఐదు రాకలు, 1,500 రూపాయలు. దుకాణంలో రద్దీ పెరిగింది, యజమాని సంతోషించినాడు, రాబడి మాత్రం తగ్గింది. ముద్రకు కనీసపు మొత్తం, ఉదాహరణకు 150 రూపాయల చిరుతిండ్లు, నిర్ణయించడం ఇందుకే. ఒక పథకం పనిచేస్తున్నదా అని అడిగేటప్పుడు రాకల సంఖ్యను గాక, ఒక్కొక్క మనిషి నెలకు ఇచ్చిన మొత్తాన్ని చూడాలి.

పనిచేసినదనడానికి రుజువు ఏమి? దుకాణదారులు సాధారణంగా చెప్పే రుజువు, కార్డు ఉన్నవారు ఎక్కువ కొంటున్నారు అని. ఇది రుజువు కాదు. ఎక్కువ కొనేవారే కార్డు తీసుకొంటారు. వారు కార్డు లేని నాడు కూడా ఎక్కువ కొన్నవారే. నిజం తెలియాలంటే పాత ఉద్దెర పుస్తకాన్ని తెరవాలి. అందులో పేరు, తేదీ, మొత్తం మూడూ ఉంటాయి. వాడుకరులను వీధుల వారీగా రెండు భాగాలు చేసి, ఒక భాగానికి మూడు నెలల ముందు, మరొక భాగానికి మూడు నెలల తరువాత కార్డులు ఇచ్చి, నడుమ కాలంలో రెండు భాగాల నెలవారీ మొత్తాన్ని పోల్చాలి. పండుగ వచ్చినా, విమానాశ్రయంలో జీతాలు పెరిగినా రెండు వీధులకూ సమంగానే వస్తాయి గనుక, మిగిలిన తేడా కార్డు వల్ల కలిగినదని కొంత ధైర్యంగా చెప్పవచ్చును. మన విద్యార్థులు వేసవి సెలవులలో ఇంటి దుకాణంలో చేయదగిన పని ఇది. దీనికి ఒక నోటుబుక్కు చాలు.

రిఫరల్ కోడ్ అనగా పరిచయం చేసినవానికి ఇచ్చే గుర్తు. SMB-117 వంటి ఒక సంకేతం ప్రతి పాత వాడుకరికి ఉంటుంది. కొత్తవాడు వచ్చి ఆ సంకేతం చెప్పినట్లయితే ఇద్దరికీ కొంత తగ్గింపు. శంషాబాదు గదులలో ఉండే యువకులకు ఇది సరిగా అతుకుతుంది. ఒక గదిలో నలుగురు ఉంటారు, ఒకరు వెళ్లగానే మరొకరు వస్తారు, రాత్రి వంతు ముగించుకొని వచ్చినవానికి ఏ దుకాణం తెరచి ఉంటుందో చెప్పేది గదిలోని పాత మిత్రుడే. బాటసారి కూడా ఇక్కడ ఉపయోగపడతాడు. అతడు మరల రాకపోవచ్చును. కాని వచ్చే నెల విమానం ఎక్కబోయే తన బంధువుకు ఈ దుకాణపు సకినాల మాట చెప్పగలడు. అతని సంచిలో కార్డుకు బదులు కోడ్ వ్రాసిన చిన్న చీటీ వేయడం తెలివైన పని.

ఇక్కడ ఒక నియమం తప్పరానిది. పరిచయం చేసినవానికి బహుమతి కొత్తవాని మొదటి కొనుగోలుకు కాక రెండవ కొనుగోలుకు ఇవ్వాలి. లేనిచో ఒకే మనిషి తన రెండవ సిమ్ నంబరుతో తననే తాను పరిచయం చేసుకొంటాడు. ఒక ఇంటిలో ఐదు ఫోన్లు ఉంటే ఐదుగురు కొత్తవారు పుడతారు. రెండవది, పరిచయం ఒక్క మెట్టు వద్దనే ఆగాలి. నీవు చేర్చినవాడు చేర్చినవాని మీద కూడా నీకు వాటా అనే గొలుసు పద్ధతి మొదలైతే, సభ్యులను చేర్చడమే రాబడి అయితే, అది 1978 నాటి ప్రైజ్ చిట్స్, మనీ సర్క్యులేషన్ పథకాల నిషేధ చట్టం చూపు పడే వ్యవహారం. పావుకిలో బూందీ కొరకు అంత దూరం పోనక్కరలేదు.

ఇంతకంటె రహస్యంగా జరిగే మోసం గల్లాపెట్టె వద్దనే ఉన్నది. ఫోన్ నంబరు చెప్పకుండా పోయే బాటసారుల బిల్లులు దినానికి ముప్పదో నలుబదో ఉంటాయి. ఆ బిల్లులకు పుట్టే పాయింట్లకు యజమాని లేడు. అక్కడ కూర్చున్న కుర్రవాడు తన మేనమామ నంబరు కొట్టినట్లయితే పాయింట్లు ఆ ఖాతాకు చేరుతాయి. దీనిని పట్టుకొనడం కష్టం కాదు. ఒకే నంబరు మీద ఒకే దినం మూడు కంటె ఎక్కువ బిల్లులు, పది నిమిషాల ఎడంలో రెండు పెద్ద బిల్లులు, ఒక పనివాడు సెలవు పెట్టిన దినాలలో మాత్రమే నిద్రపోయే ఒక నంబరు, ఈ మూడింటిని వారానికి ఒకసారి చూసుకొంటే చాలు. ఒక నంబరుకు దినానికి ఒకే బిల్లు మీద పాయింట్లు అనే కట్టుబాటు పెట్టినట్లయితే చాలావరకు ఆ తలుపే మూసుకొంటుంది. కుర్రవానికి మంచి జీతం ఇవ్వడం కూడా ఒక కట్టుబాటే అని మా అభిప్రాయం.

ఫోన్ నంబరు ఇవ్వనివానికి బిల్లు ఇవ్వము అనరాదు. నంబరు కొరకు బలవంతపెట్టవద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మే నెలలో దుకాణాలకు సూచించింది. అదే సంవత్సరం వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా ఆమోదం పొందింది. ముద్ర వేసే కాగితపు కార్డు ఈ చిక్కులేవీ లేనిది. మూడువందలమంది వాడుకరులు గల దుకాణానికి మేము దానినే ముందుగా సూచిస్తాము.

ఇంతవరకు చెప్పిన పథకాలన్నిటిలోనూ బహుమతిని ముందుగా వాగ్దానం చేసి, లాభం వచ్చినా రాకున్నా తీర్చవలసి ఉంటుంది. దీనికి భిన్నమైన పద్ధతి ఒకటి ఇంగ్లండులో ఎప్పుడో వచ్చింది. 1844 డిసెంబరులో రాచ్‌డేల్ పట్టణపు నేత కార్మికులు, తదితర పనివారు ఇరువది ఎనిమిదిమంది కలసి టోడ్ లేన్ అనే వీధిలో ఒక చిన్న సహకార దుకాణం తెరచినారు. అమ్మినవి వెన్న, చక్కెర, పిండి, ఓట్ పిండి, కొవ్వొత్తులు. వారు ధర తగ్గించలేదు, ముందుగా ఏ పాయింటూ చెప్పలేదు. మూడు నెలలకొకసారి లెక్క చూసి, మిగులు ఉంటే, ఎవరు ఎంత సరుకు కొన్నారో ఆ నిష్పత్తిలో పంచినారు. మిగులు లేనినాడు పంచవలసినది కూడా లేదు.

ఒంటరి దుకాణదారు సహకార సంఘం కానక్కరలేదు గాని, ఈ క్రమాన్ని పాటించవచ్చును. కార్డు మీద రూపాయలు వ్రాయకుండా కొనుగోలు మొత్తాన్ని మాత్రమే వ్రాసి, ఉగాదికి, రంజాన్‌కు, దసరాకు లెక్క చూసుకొని, చిరుతిండ్ల మిగులులో పదవ వంతును ఆ మొత్తాల నిష్పత్తిలో పంచవచ్చును. మన ఊహా దుకాణంలో నాలుగు నెలల చిరుతిండ్ల అమ్మకం ఆరు లక్షలు, మిగులు 1,80,000, అందులో పదవ వంతు 18,000. ఆ కాలంలో ఆరువేల రూపాయల చిరుతిండ్లు కొన్న కుటుంబానికి 180 రూపాయల తగ్గింపు చీటీ వస్తుంది. అది కూడా నూటికి మూడే. కాని నూనె ధర అకస్మాత్తుగా పెరిగి మిగులు సగమైన కాలంలో ఆ కుటుంబానికి తొంబది వస్తుంది, దుకాణదారు మునిగిపోడు. ఎంత వస్తుందో ముందుగా తెలియని బహుమతి మొదటి కాలంలో జనాన్ని అంతగా లాగదు. ఇది దీనిలోని లోపం. ఒకసారి చీటీ చేతికి అందిన తరువాత, రెండవ పండుగ నాటికి ప్రక్క ఇంటివారు కార్డు అడుగుతారు.